వాంకోమైసిన్ లెవెల్ 17 వచ్చింది, మరి డోసు సరిపోయినట్టేనా?

వార్డు నుంచి సిస్టర్ ఫోను చేసి "సార్, వాంకో ట్రఫ్ వచ్చింది, పదిహేడు" అంటే, కొన్నేళ్ళ కిందట నేను "సరే, అదే డోసు నడిపించండమ్మా" అని ఫోను పెట్టేసేవాణ్ణి. అప్పట్లో మాకందరికీ నేర్పింది అదే. 2009లో అమెరికా సంఘాలు ఇచ్చిన సూచనల ప్రకారం సీరియస్ ఇన్ఫెక్షన్‌కి వాంకోమైసిన్ అనే ఈ యాంటీబయాటిక్ తీసుకుంటున్న పేషెంటుకి తర్వాతి డోసు ఎక్కించే ముందు రక్తంలో మిగిలిన మందు, అంటే ట్రఫ్, లీటరుకి 15 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి, ఉంటే అంతా బాగున్నట్టే. ఇప్పుడదే ఫోను వస్తే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: రక్తం ఎన్నింటికి తీశారు, అంతకుముందు బాటిల్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోయింది? ఈ టైములు లేకపోతే ఆ పదిహేడుని ఏం చేసుకోవాలో నిజంగానే నాకు తెలీదు.

నేను విశాఖలో క్లినికల్ ఫార్మసిస్టుని. ఒక కేసు పట్టుకుని చెప్తాను, మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు దించే పని చేసే 56 ఏళ్ళాయన, బరువు 70 కిలోలు, పన్నెండేళ్ళుగా షుగర్. కాలికి మేకు గుచ్చుకుంటే పసుపు పెట్టి ఊరుకున్నాడు, పది రోజుల తర్వాత చలి జ్వరంతో, పాదం వాచిపోయి, బీపీ పడిపోతూ వచ్చాడు. రెండు చేతుల నుంచీ తీసిన బ్లడ్ కల్చర్లలో గుత్తులుగా ఉన్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా కనబడింది, తర్వాత అది ఎంఆర్ఎస్ఎ అని తేలింది, అంటే మామూలు పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం మందులకి లొంగని స్టాఫ్. కిడ్నీ పనితనం తగ్గే కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.2. ల్యాబ్ కాగితం మీద దాని పక్కన స్టార్ గుర్తేమీ లేదు, కాబట్టి కిడ్నీలు బాగున్నాయని అందరూ అనుకున్నారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మొదటి డోసు గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే జరిగే తప్పుల్లో సగం అక్కడే జరుగుతాయి. వాంకోమైసిన్ ఒంట్లో కిలో బరువుకి సుమారు 0.7 లీటరు చొప్పున పరుచుకుంటుంది, అంటే ఈయనలో దాదాపు 49 లీటర్ల డ్రమ్ము అనుకోండి. ఖాళీ డ్రమ్ముని చెంబులతో నింపుతూ కూర్చుంటే కావలసిన మట్టానికి చేరేసరికి రెండు రోజులు పడుతుంది. రక్తంలో బాక్టీరియా తిరుగుతూ బీపీ పడిపోతున్న మనిషికి ఆ రెండు రోజులు లేవు. అందుకే మొదట ఒకేసారి పెద్ద డోసు ఇస్తాం, దాన్నే లోడింగ్ అంటారు: కిలోకి 20 నుంచి 35 మిల్లీగ్రాములు, మనిషి అసలు బరువు మీదే లెక్క, ఎంత లావున్నా 3 గ్రాములు దాటకూడదు. ఈయనకి కిలోకి 25 చొప్పున 1750 మి.గ్రా. ఇచ్చాం.

"కిడ్నీ వీక్‌గా ఉంది కదా, లోడింగ్ సగానికి తగ్గిద్దామా?" అని ప్రతి కొత్త హౌస్ సర్జనూ అడుగుతాడు. వద్దు. డ్రమ్ము ఎంత పెద్దదన్నది ఒంటి బరువుని బట్టి, కింద కుళాయి ఎంత వేగంగా ఖాళీ చేస్తుందన్నది కిడ్నీని బట్టి. కుళాయి సన్నగా ఉందని డ్రమ్ము చిన్నదైపోదు. కిడ్నీ బాగోలేకపోతే తగ్గించాల్సింది ఆ తర్వాత వచ్చే డోసుల్ని, లేదా వాటి మధ్య గడువు పెంచాలి. మొదటి డోసుని ముట్టుకోకూడదు.

ఎక్కించే వేగం కూడా ముఖ్యమే. నిమిషానికి 10 మి.గ్రా. దాటకుండా, ఎంత చిన్న డోసైనా గంటకి తగ్గకుండా ఎక్కించమని పాత నియమం. చేతి నరంలో ఎక్కిస్తే మిల్లీలీటరుకి 5 మి.గ్రా. మించని పలచదనంలో కలపాలి, లేకపోతే నరం మండిపోతుంది. 1750కి కనీసం 350 మి.లీ. సెలైన్, మూడు గంటలు. పేషెంటు తట్టుకుంటుంటే, పక్కన చూసే మనిషి ఉంటే, చాలా చోట్ల రెండు గంటల్లో కూడా ఎక్కిస్తారు, మేమూ అలాగే చేశాం. గబగబా ఎక్కిస్తే మొహం, మెడ, ఛాతీ పై భాగం ఎర్రబడి దురద పుడుతుంది, ఒక్కోసారి బీపీ కూడా పడుతుంది. చాలా వరకు అది అసలు ఎలర్జీ కాదు, మందు నేరుగా వెళ్ళి హిస్టమిన్‌ని విడుదల చేయించడం వల్ల వచ్చేది. కాసేపు ఆపి, ఎవిల్ లాంటిది ఇచ్చి, వేగం సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో "వాంకోమైసిన్ ఎలర్జీ" అని రాసి పారేస్తే మాత్రం ఆ మనిషికి జన్మలో మళ్ళీ అవసరం పడినప్పుడు ఎవరూ ధైర్యంగా ఇవ్వరు. ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు వాపు ఉంటే అది వేరే కథ, అప్పుడు ఆపాల్సిందే.

సోమవారం రాత్రి 8కి లోడింగ్ మొదలై 10కి అయిపోయింది. మంగళవారం ఉదయం 8 నుంచి 1 గ్రాము చొప్పున 12 గంటలకోసారి అని రాశారు. కిలోకి 15 చొప్పున రోజుకి రెండుసార్లు, పుస్తకంలో ఉన్న లెక్కే. కానీ ఆ లెక్క కిడ్నీలు పూర్తిగా బాగున్నవాళ్ళది. ఈయన క్రియాటినిన్ 1.2 అయినా వయసుని, బరువుని కలిపి చూస్తే, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంచనా ఇది:

```
(140 − 56) × 70 / (72 × 1.2) = 68 ml/min
```

68 అంటే మరీ చెడ్డదేం కాదు, పాతికేళ్ళ కుర్రాడి కిడ్నీ మాత్రం కాదు. ఈ పద్ధతిలో చూస్తే రోజుకి 2 గ్రాములు కాస్త ఎక్కువే అనిపిస్తుంది. అయితే ఇది అంచనా మాత్రమే, అదే 68 ఉన్న ఇద్దరు మనుషులు మందుని చాలా తేడాగా ఖాళీ చేస్తారు. తేల్చుకోవాలంటే రక్తం తీయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. వాంకోమైసిన్ బాక్టీరియాని చంపేది ఒక్కసారిగా పైకి ఎగసిన లెవెల్ వల్లా కాదు, అడుగున మిగిలిన లెవెల్ వల్లా కాదు. రోజు మొత్తంలో బాక్టీరియా ఎంత మందులో నానిందన్నదే లెక్క. గ్రాఫు గీస్తే గీత కింద వచ్చే వైశాల్యం అన్నమాట, దాన్నే ఏయూసీ అంటాం. ఎంఆర్ఎస్ఎని ఆపడానికి కావలసిన కనీస మోతాదు, అంటే ఎంఐసీ, 1 అనుకుంటే, 24 గంటల ఏయూసీ 400 నుంచి 600 మధ్య ఉండాలని 2020లో వచ్చిన సూచనలు చెప్తున్నాయి. 400 కంటే తగ్గితే రోగం తగ్గకపోవచ్చు, 600 దాటే కొద్దీ కిడ్నీ దెబ్బతినే భయం పెరుగుతుంది. ఎంఐసీ 2 వచ్చిన బాక్టీరియాకి ఇదే దామాషాలో మందు ఇవ్వాలంటే 800 కావాలి, అంత ఇచ్చి కిడ్నీని కాపాడటం కష్టం, కాబట్టి అక్కడ డోసు పెంచుకుంటూ పోకుండా మందు మార్చే ఆలోచన చేస్తారు. ఈయన రిపోర్టులో 1 అనే ఉంది.

మరి ట్రఫ్ ఎందుకు సరిపోదు? మన అపార్ట్‌మెంట్ పైన ఉండే నీళ్ళ ట్యాంకు తీసుకోండి. పొద్దున్న ఆరింటికి మోటారు వేసే ముందు మట్టం రెండు అడుగులుంది. దాన్ని బట్టి నిన్నంతా బిల్డింగులో ఎన్ని నీళ్ళు వాడారో చెప్పగలరా? రోజుకి ఒకసారి మోటారు వేసి జాగ్రత్తగా వాడుకున్న బిల్డింగు ట్యాంకూ అదే రెండు అడుగులుండొచ్చు, రోజుకి మూడుసార్లు నింపి ధారాళంగా వాడిన బిల్డింగు ట్యాంకూ అంతే ఉండొచ్చు. వాంకోమైసిన్‌లోనూ ఇంతే. ట్రఫ్ 12 ఉన్నా ఏయూసీ 400 దాటిన పేషెంట్లు బోలెడుమంది, కాబట్టి 15కి చేర్చాలని వాళ్ళకి డోసు పెంచితే లాభం లేకుండా కిడ్నీ మీద భారం వేసినట్టే. ఆ పదేళ్ళలో మేమందరం చేసింది అదే.

అందుకని ఒకే డోసు తర్వాత రెండుసార్లు రక్తం తీస్తాం. మందు అయిపోయాక గంట నుంచి రెండు గంటల మధ్య ఒకటి, తర్వాతి డోసుకి కాస్త ముందు ఇంకోటి. మొదటిదాన్ని బాటిల్ అయిపోగానే తీయకూడదు, మందు అప్పటికింకా కండల్లోకి పూర్తిగా పరుచుకోదు, లెవెల్ లేనిపోనంత ఎక్కువగా కనబడుతుంది. చాలా పెద్ద ఆసుపత్రుల్లో ఈ రెండిటి బదులు ఒకటే లెవెల్‌తో లెక్కకట్టే బేసియన్ సాఫ్ట్‌వేర్ వాడతారు, అది మంచిదే. మా దగ్గర మాత్రం కాలిక్యులేటరూ, నోటుబుక్కే.

బుధవారం ఉదయం 8 నుంచి 9 వరకు 1 గ్రాము ఎక్కింది. 10:30కి రక్తం తీశారు. రాత్రి 7:30కి మళ్ళీ సూది పట్టుకెళ్తే ఆయన భార్య సిస్టర్ని అడ్డుకుంది: "ఏటమ్మా ఇది, పొద్దున్నొకసారి తీసేరు, మళ్ళీ ఏటికి? ఒంట్లో రక్తం ఉండద్దా ఆయనికి?" సిస్టర్ విసుక్కోకుండా "మందు ఎంత స్పీడుగా బయటికి పోతోందో తెలియాలంటే రెండుసార్లు చూడాలమ్మా, బండి స్పీడు ఒక్క ఫోటో చూసి చెప్పలేం కదా" అంది. ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

మొదటిది 32, రెండోది 17.5 వచ్చాయి. మధ్య 9 గంటలు.

```
ke   = ln(32 / 17.5) / 9          = 0.067
Cmax = 32 × e^(0.067 × 1.5)       = 35.4
Cmin = 17.5 × e^(−0.067 × 0.5)    = 16.9
AUC  = (35.4 + 16.9)/2 × 1 + (35.4 − 16.9)/0.067
     = 26 + 276 = 302   (12 h)
AUC24 = 302 × 2 = 604
```

కంగారు పడకండి, ఇందులో ఉన్నది ఇంతే. మొదటి వరస మందు గంటకి ఎంత శాతం చొప్పున తగ్గుతోందో చెప్తుంది, ఈయనలో దాదాపు 6.7 శాతం, అంటే సగానికి తగ్గడానికి సుమారు 10 గంటలు. రెండో వరసలో 10:30 నుంచి గంటన్నర వెనక్కి వెళ్ళి, మందు అయిపోయిన 9 గంటలకి ఎంత ఉండుంటుందో చూస్తాం. మూడో వరసలో అరగంట ముందుకెళ్ళి 8 గంటలకి ఎంత మిగులుతుందో చూస్తాం. తర్వాత ఎక్కుతున్న గంట కింద వైశాల్యం, దిగుతున్న పదకొండు గంటల కింద వైశాల్యం కలిపితే 12 గంటలది వస్తుంది, రెట్టింపు చేస్తే రోజుది.

ఇక్కడ చూడండి. ట్రఫ్ 16.9. పాత లెక్కలో నూటికి నూరు మార్కులు. ఏయూసీ 604, ఇవాళ్టి లెక్కలో గీత దాటేసింది. పైగా కాలి పుండులో రకరకాల బాక్టీరియా ఉంటుందని పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ కూడా నడుస్తోంది, ఆ రెండూ కలిసినప్పుడు క్రియాటినిన్ పెరగడం వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఎక్కువ కనబడుతుంది. అది నిజంగా కిడ్నీ దెబ్బేనా, క్రియాటినిన్ బయటికి వెళ్ళే దారిని మందు అడ్డుకోవడమేనా అని వాదనలున్నాయి, మంచం పక్కన నిలబడి తేల్చగలిగేది కాదు కాబట్టి నేను నిజమే అనుకుని జాగ్రత్త పడతాను. కిడ్నీ స్థిరంగా ఉన్నంతవరకు డోసుకీ ఏయూసీకీ సూటి సంబంధం: డోసు నాలుగింట మూడొంతులు చేస్తే ఏయూసీ కూడా అంతే అవుతుంది. 750 మి.గ్రా. 12 గంటలకోసారి ఇస్తే 453. మధ్యలో కూర్చుంటుంది. అదే రాయించాం.

ఇప్పుడు వేరే చోట, ఇంతకుముందు నేను పనిచేసినప్పటి సంగతి ఒకటి. దాదాపు ఇదే బరువు, ఇదే డోసు ఉన్న పేషెంటుకి ఉదయం ట్రఫ్ 58 అని రిపోర్టొచ్చింది. వార్డులో అందరికీ టెన్షన్, డ్యూటీ డాక్టర్ వెంటనే డోసు ఆపేశాడు, నేనూ తల ఊపాను. ఆ తప్పులో నా వాటా ఉంది, ఎందుకంటే ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే అది జరగదని తెలిసేది. 750 మి.గ్రా.ని 49 లీటర్ల డ్రమ్ములో పోస్తే లెవెల్ మహా అయితే 15 పెరుగుతుంది. అంతకుముందు అడుగున 13 ఉంటే పైకెళ్ళినా 28. అక్కడి నుంచి 11 గంటలు దిగాక 58 ఎలా అవుతుంది? కిడ్నీలు పూర్తిగా ఆగిపోయినా అవదు. పైగా ఆ రోజు క్రియాటినిన్ ముందు రోజులాగే ఉంది, మూత్రం బ్యాగు నిండుగా ఉంది. తర్వాత తేలిందేమిటంటే చేతుల్లో నరాలు దొరకక, మందు ఎక్కించిన సెంట్రల్ లైన్ నుంచే రక్తం లాగారు, గొట్టంలో మిగిలిన మందు శాంపిల్‌లో కలిసింది. మళ్ళీ ఎలాగో చేతి నరం నుంచి తీయించి పంపితే, లెవెల్ బయటి ల్యాబుకి వెళ్ళాలి కాబట్టి, రిపోర్టు మర్నాటికి గానీ రాలేదు. అప్పటికి రక్తంలో మిగిలిన మందు 2.5. పది గంటలకోసారి సగం అయ్యే మందుని ఒక రోజు ఆపితే మిగిలేది అంతే, రక్తంలో ఎంఆర్ఎస్ఎ ఉన్న మనిషికి.

అప్పట్నుంచీ నేను రిపోర్టు వచ్చాక చూడ్డం కాదు, శాంపిల్ వెళ్ళే ముందే "ఎంత రావచ్చు" అని నోటుబుక్కులో రాసుకుంటాను. వచ్చింది దానికి చాలా దూరంగా ఉంటే ముందు అనుమానం శాంపిల్ మీద, తర్వాత డోసు టైముల మీద, ఆ తర్వాతే కిడ్నీ మీద. టైముల సంగతి తక్కువది కాదు. చార్టులో "8 పీఎం" అని ఉంటుంది, అసలు కాన్యులా ఊడిపోయి, కొత్తది పెట్టేసరికి 9:40 అయి ఉంటుంది, చార్టు మాత్రం 8 అనే చెప్తుంది. ఎవరూ అబద్ధం రాయలేదు, రాయాల్సిన టైము అదని రాశారు.

మన హార్బర్ ఆయన దగ్గరికి వద్దాం. శుక్రవారం నాటికి జ్వరం తగ్గింది, కాలు వాపు కాస్త దిగింది. శనివారం ఉదయం క్రియాటినిన్ 1.7. ఇదివరకు 1.2. నలభై ఎనిమిది గంటల్లో 0.3 పెరిగితేనే కిడ్నీకి దెబ్బ తగిలినట్టు లెక్క, ఇక్కడ 0.5 పెరిగింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గురువారం నుంచి ఫ్యూరోసెమైడ్ కూడా ఇస్తున్నారు. ఇప్పుడు బుధవారం కట్టిన లెక్కని తీసి మళ్ళీ వాడకూడదు. గంటకి 6.7 శాతం అన్నది ఆనాటి కిడ్నీది. ఇంకో చిక్కు, క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది, అది 1.7 చూపిస్తున్నప్పటికి అసలు కిడ్నీ పనితనం అంతకంటే పడిపోయి ఉంటుంది. కాబట్టి 1.7ని ఫార్ములాలో పెట్టి కొత్త డోసు కట్టినా, కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టే చెప్తుంది.

ఇలాంటప్పుడు ఏయూసీని పక్కన పెట్టేస్తాం. ఉదయం 8కి ఇవ్వాల్సిన డోసు ఆపి, ఆ టైముకే ఒక లెవెల్ తీశాం: 24 వచ్చింది. ఈసారి అది నమ్మదగ్గదే, ఇంకో చేతి నుంచి తీశారు, మూత్రం తగ్గింది, క్రియాటినిన్ పెరిగింది, అన్నీ ఒకే మాట చెప్తున్నాయి. ఆదివారం ఉదయం మళ్ళీ తీస్తే 16. ఇరవై నాలుగు గంటల్లో 24 నుంచి 16 అంటే సగమవడానికి సుమారు 41 గంటలు పడుతోంది, బుధవారం పది పట్టింది. 15కి అటూ ఇటూ వచ్చింది కాబట్టి ఒక్క 750 ఇచ్చి, మర్నాడు లెవెల్ చూసి గానీ తర్వాతిది ఇవ్వకూడదని రాశాం. ఆ లోపు ఫ్యూరోసెమైడ్ తగ్గించారు, పుండు కల్చర్‌లో ఎంఆర్ఎస్ఎ తప్ప ఇంకేం పెరగలేదని వచ్చింది కాబట్టి పిపెరాసిలిన్ కూడా ఆపేశారు, నా దృష్టిలో ఆ వారం మేం చేసిన మంచి పని అదే. ఇంకా పెరిగి ఉంటే డాప్టోమైసిన్‌కి మార్చేవాళ్ళం. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి అది పనికిరాదు, అక్కడి సర్‌ఫాక్టెంట్ దాన్ని పనిచేయనివ్వదు, కానీ రక్తంలో ఉన్న స్టాఫ్‌కి మంచి మందే.

క్రియాటినిన్ 1.8 దాకా వెళ్ళి, తర్వాతి వారం 1.3కి దిగింది. అప్పుడు మళ్ళీ రెండు లెవెల్స్, మళ్ళీ మొదటి నుంచి లెక్క. పాదం ఎముకలోకి కూడా పాకిందని ఎంఆర్ఐలో తేలింది కాబట్టి మొత్తం ఆరు వారాలు, మొదటిసారి కల్చర్ శుభ్రంగా వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి. కిడ్నీ కుదురుకున్నాక వారానికోసారి లెవెల్, క్రియాటినిన్ మాత్రం వారానికి రెండు మూడుసార్లు.

ఆ రెండో విడత లెవెల్స్ తీసే రోజు, చార్టులో ఉదయం డోసు 8కి మొదలైనట్టు ఉంది. పేషెంటు కొడుకుని అడిగితే ఫోను తీసి చూపించాడు. మొదటి వారం నుంచీ ప్రతి బాటిలూ పెట్టినప్పుడొకటి, తీసినప్పుడొకటి ఫోటో తీస్తున్నాడట. ఆ రోజుది 8:50కి పెట్టారు. నేను 8:50 వేసే లెక్క కట్టాను.